ఏం చేయాలో చెప్పమన్నారు కదా!

కర్నూలులోని మా వంటింట్లో బియ్యపు డబ్బా పక్కన ఒక పాత నోటు పుస్తకం ఉంటుంది. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ, చాకలి పద్దు అన్నీ అందులోనే రాస్తాం. రెండోసారి గర్భం దాల్చి 8వ వారంలో ఉన్నప్పుడు ఒక రాత్రి నేను మావారికి రాసిన ఉత్తరం కూడా అందులోనే ఉంది. ఆ రోజుల్లో ఏదైనా నోటితో చెప్పబోతే ఏడుపు వచ్చేది, లేకుంటే కోపం వచ్చేది. అందుకే రాశాను. అల్లాహ్ దయతో ఇప్పుడు బాబుకు ఏడు నెలలు. ఆ ఉత్తరాన్ని నలుగురూ చదివేలా పంపనా అని అడిగితే, "పంపు, కానీ నా పొరపాట్లు తీసేయకు" అన్నారాయన. అందుకే ఉన్నది ఉన్నట్టుగా పంపుతున్నాను.

* * *

అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహ్.

నిన్న రాత్రి నేను వాంతి చేసుకుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడు మీరు నా దగ్గరికి వచ్చి, "ఏం చేయాలో చెప్పు, చేస్తాను" అన్నారు. ఎంతో ప్రేమగా అన్నారు. అయినా నేను ఏడ్చేశాను. మీరు బిత్తరపోయి బయటకు వెళ్ళిపోయారు. ఆ ఏడుపు ఎందుకో నాకే అప్పుడు తెలియలేదు, ఇవాళ మధ్యాహ్నం తెలిసింది. ఇంట్లో ఏ పని ఎప్పుడు జరగాలో గుర్తుంచుకోవడం, దానిని విడమరచి మీకు చెప్పడం, చెప్పిన తర్వాత అయిందో లేదో చూసుకోవడం, ఇవి కూడా పనులే. కూర్చున్న చోటి నుంచి లేవలేని నాకు ఆ చెప్పే పని కూడా బరువైపోయింది. అందుకే ఈ ఒక్కసారి అంతా రాసి ఇస్తున్నాను. ఇక మీద రోజూ నన్ను అడగకుండా ఈ కాగితాన్ని అడగండి.

పాప కడుపులో ఉన్నప్పుడు ఇవేవీ మీరు చూడలేదు. 7వ వారంలోనే అమ్మీ వచ్చి నన్ను తీసుకెళ్ళింది. నాలుగో నెల దాటి, ముఖం తేటపడ్డాక తిరిగి వచ్చాను. ఆ రెండు నెలలు నేను ఎలా ఉన్నానో అమ్మీకి మాత్రమే తెలుసు. ఈసారి అమ్మీ లేదు. అల్లాహ్ ఆమెను కరుణించుగాక! నాకు వెళ్ళడానికి మరో ఇల్లు లేదు, ఇదే నా ఇల్లు. కాబట్టి అమ్మీ చేసినవి ఎవరో ఒకరు చేయాలి. అవేమిటో మీకు తెలియకపోవడం మీ తప్పు కాదు. కానీ తెలిశాక చేయకపోతే మాత్రం నా మనసులో ఉండిపోతుందని నా భయం. అలా ఉండిపోకూడదనే రాస్తున్నాను.

ముందుగా ఒక లెక్క. "పరీక్షలో తెలిసి మూడు వారాలే కదా, అప్పుడే 8వ వారం ఎలా?" అని అడిగారు. డాక్టరమ్మ లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ఈ వాంతులు, వికారం సాధారణంగా 6వ వారం దగ్గర మొదలై, 9వ వారం ప్రాంతంలో ఎక్కువై, 12 నుంచి 14 వారాల మధ్య చాలామందికి తగ్గుతాయని ఆమె చెప్పారు. అంటే నేను మిమ్మల్ని తొమ్మిది నెలలూ అడగడం లేదు. కష్టమైన ఐదారు వారాలకు అడుగుతున్నాను. నాలుగో నెలలో ఇద్దరం కూర్చుని మళ్ళీ పనులు పంచుకుందాం.

మొదటిది, తెల్లవారుజాము. రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపుతో ఒక్కసారిగా లేచి నిలబడితే నాకు వాంతి తప్పడం లేదు. పడుకునే ఏదైనా పొడిగా ఉండేది తిని, పావుగంట, ఇరవై నిమిషాలు అలాగే ఉండి, తర్వాత మెల్లగా లేస్తే చాలావరకు తగ్గుతోంది. మీరు ఎలాగూ ఫజ్ర్‌కు లేస్తారు. మసీదుకు బయలుదేరే ముందు రెండు రస్కులో, గుప్పెడు బొరుగులో నా దిండు పక్కన పెట్టి, నన్ను తట్టి లేపి వెళ్ళండి. దీపం వెయ్యవద్దు, మాట్లాడించవద్దు. మీరు జమాఅత్ ముగించుకుని వచ్చేసరికి నేను లేచి, సూర్యోదయానికి ముందే నా నమాజు చేసుకోగలుగుతాను. ఈ వారంలో రెండు రోజులు నా ఫజ్ర్ తప్పింది. ఆ బాధ ఒంటి బాధకంటే ఎక్కువగా ఉంది.

స్నానాలగదిలో కుళాయి దగ్గర ఒక ఎత్తు పీట వేయండి. వంగి వుజూ చేస్తుంటే కళ్ళు తిరుగుతున్నాయి. నోటినిండా వాంతి అయినప్పుడల్లా మళ్ళీ వుజూ చేసుకుంటున్నాను కనుక రోజుకు ఎన్నిసార్లు ఆ కుళాయి దగ్గరికి వెళ్తున్నానో మీరే ఊహించండి. బకెట్‌లో నీళ్ళు ఎప్పుడూ నిండి ఉండేలా చూడండి. వాంతి అయిన వెంటనే పళ్ళు తోమవద్దని డాక్టరమ్మ చెప్పారు. కడుపులోంచి వచ్చిన ఆమ్లానికి పంటిపై పొర మెత్తబడి ఉంటుందట, అప్పుడు బ్రష్షుతో రుద్దితే అరుగుతుందట. ఒక గ్లాసు నీళ్ళలో చిటికెడు వంటసోడా కలిపి పుక్కిలిస్తే చాలన్నారు. ఆ సోడా పొట్లం, ఒక గ్లాసు అక్కడ గూట్లో ఉంచండి.

రెండవది, వంటిల్లు. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు దీనినే తేలిగ్గా తీసుకుంటున్నారు. నాకు కష్టం వంట చేయడం వల్ల కాదు, వాసన వల్ల. వేడి నూనెలో ఉల్లిపాయ పడగానే, అల్లం వెల్లుల్లి ముద్ద వేగుతుండగానే, ఫ్రిజ్ తలుపు తీయగానే నాకు కడుపులోంచి ఎగదన్నుకొస్తోంది. "నేను కూరగాయలు తరిగి ఇస్తాను, నువ్వు పోపు పెట్టు" అని మీరు మొన్న అన్నారు. తరగడం నేను కూర్చుని చేయగలను. పోపే చేయలేను. కాబట్టి పని తిరగెయ్యండి. తరిగేది నేను, పొయ్యి దగ్గర నిలబడేది మీరు.

సాయంత్రం వంట పూర్తిగా మీరే తీసుకోండి. పూర్తిగా అంటే, ఏం వండాలో ఆలోచించడం, ఉప్పూ పప్పూ అయిపోతే తేవడం, వండాక గిన్నెలు తోమించడం కూడా. "ఇవాళ ఏం వండను?" అని నన్ను అడిగితే ఆ కూర పేరు తలుచుకోవడంతోనే నాకు వికారం మొదలవుతుంది. దాల్చా, ఖట్టా రాకపోయినా ఫరవాలేదు. పప్పు, అన్నం, ఒక వేపుడు చాలు. పొయ్యి వెలిగించే ముందు వెనక కిటికీ తెరిచి, హాలు తలుపు మూసేయండి. ఆదివారం మాంసం తెచ్చినప్పుడు పెరట్లో కడిగి, నేను మేడ మీద ఉన్నప్పుడు వండండి. మీరు గానీ, పాప గానీ, అత్తమ్మ గానీ నా కోసం నోరు కట్టుకోవాలని నేను కోరను.

నాకోసం వేరే వంట అక్కర్లేదు. చల్లారిన అన్నానికి వాసన తక్కువ. పెరుగన్నం, ఇడ్లీ, ఉప్పు వేసిన మజ్జిగ, అరటిపండు, వేయించిన శనగలు నాకు నిలుస్తున్నాయి. కడుపు ఖాళీ అయితే వికారం పెరుగుతుంది, నిండిపోయినా పెరుగుతుంది. అందుకే రెండు గంటలకొకసారి కొంచెం కొంచెంగా తినాలి. పళ్ళెం నిండా పెట్టి "తిను, కడుపులో బిడ్డ కోసమైనా తిను" అనవద్దు. తినకూడదని కాదు, పళ్ళేన్ని చూస్తేనే తినలేకపోతున్నాను. చిన్న గిన్నెలో నాలుగు ముద్దలు పెట్టి, నా దగ్గర ఉంచి వెళ్ళిపోండి.

ఇంకొక మాట అడగాలంటే సిగ్గుగా ఉంది. శుక్రవారం మీరు పూసుకునే అత్తరు. పెళ్ళైన కొత్తలో ఆ పరిమళం కోసమే నేను గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. ఇప్పుడు అది పక్కగది నుంచి వచ్చినా తట్టుకోలేకపోతున్నాను. మీ మీద అయిష్టం అనుకోకండి. ఒళ్ళు చేస్తున్న పని అది, మనసు కాదు. ఈ కొన్ని వారాలు శీషా మీ జేబులో పెట్టుకుని, వీధి మలుపు తిరిగాక పూసుకోండి.

మూడవది, పాప. నా నీరసం నిద్రలేమి వల్ల వచ్చింది కాదు, కాబట్టి ఒక పూట పడుకుంటే పోదు. ఈ వారాల్లో పెరిగే హార్మోన్ల వల్లనే ఇంత మగతగా ఉంటుందట. దానికితోడు డాక్టరమ్మ ఇచ్చిన వాంతుల మాత్ర రాత్రి పడుకునేముందు వేసుకోవాలి. అది కడుపులో నెమ్మదిగా కరిగి ఉదయానికి పనిచేసే మాత్ర, మత్తు కూడా ఉంటుంది. దాన్ని నేను 9 గంటలకల్లా వేసుకుంటేనే మీరు ఫజ్ర్‌కు తట్టినప్పుడు మెలకువ వస్తుంది. పాప పదింటిదాకా కథలు చెప్పమంటుంది. కాబట్టి రాత్రి పాపను తినిపించి, పడుకోబెట్టే పని మీది. ఉదయం జడలు, టిఫిన్ డబ్బా, బడి ఆటో కూడా మీవే. జడ వంకరగా ఉంటే ఉండనివ్వండి, నేను సరిచేయడానికి రాను. నేను వస్తే ఆ పని మళ్ళీ నాదైపోతుంది.

నాలుగవది అన్నింటికంటే కష్టమైనది, మీకూ నాకూ కూడా. అత్తమ్మతో మీరే మాట్లాడాలి. "మేము ఏడుగురిని కన్నాం, కాన్పు నాటి ఉదయం కూడా రొట్టెలు చేశాం" అని ఆమె అంటున్నప్పుడు అందులో దురుద్దేశం లేదు. ఆమె పడిన కష్టాన్ని అప్పట్లో ఎవరూ అడగలేదు, అంతే. కానీ ఆ మాటకు నేను జవాబు చెబితే కోడలు ఎదురు చెప్పినట్టవుతుంది. మీరు చెబితే కొడుకు విన్నవించినట్టవుతుంది. సాయంత్రం వంట మీరు చేస్తున్నది నేను చేయించడం వల్ల కాదనీ, మీ అంతట మీరే తీసుకున్నారనీ ఆమెకు చెప్పండి. నాకు బలం రావాలని పాత డబ్బాలోని ఐరన్ మాత్రలు ఆమె రోజూ ఇస్తున్నారు. ఈ మూడు నెలలూ ఫోలిక్ ఆమ్లం మాత్ర ఒక్కటే వేసుకోమని, వికారాన్ని పెంచే ఐరన్ మాత్ర నాలుగో నెల నుంచి ఇస్తామని డాక్టరమ్మ నాకు చెప్పారు. ఆ మాట కూడా మీ నోటితో, గౌరవంగా చెప్పండి. ఆపాలు ఆదివారం పిల్లలతో వస్తామన్నారు. రావద్దని చెప్పడం మన ఇంటి మర్యాద కాదు. రమ్మనండి, కానీ ఆ పూట భోజనం బయటినుంచి తెప్పించండి. నేను సలాం చెప్పి, కాసేపు కూర్చుని లోపలికి వెళ్ళిపోతే, "ఆమెకు ఒంట్లో బాగాలేదు" అనే మాట మీ నుంచే రావాలి.

ఐదవది, గమనించడం. "అందరికీ ఉండే వాంతులే కదా" అని నేనే అనేస్తాను. రోగం ముదిరినా అలాగే అంటాను. అందుకే నా మాట నమ్మకుండా నాలుగు సంగతులు మీరే చూడండి. తాగిన నీళ్ళు కూడా ఒక పగలూ రాత్రీ నిలవకపోతే, మూత్రం బాగా తగ్గిపోయి ముదురు పసుపు రంగులో వస్తే, లేచి నిలబడితే సోలిపోతుంటే, బరువు పడిపోతుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గర్భానికి ముందు నా బరువు 54 కిలోలు. అందులో నూటికి ఐదు వంతులు, అంటే రెండు కిలోల ఏడు వందల గ్రాములు తగ్గితే అది మామూలు వేవిళ్ళు కాదని డాక్టరమ్మ చెప్పారు. ప్రతి శుక్రవారం ఉదయం నన్ను తూకం మీద నిలబెట్టి ఈ పుస్తకంలోనే రాయండి. రక్తం కనిపించినా, పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా శుక్రవారం దాకా ఆగకూడదు. ఆ గంటలోనే బయలుదేరాలి. అప్పుడు "వెళ్దామా?" అని నన్ను అడగవద్దు. చెప్పులు తెచ్చి పెట్టండి.

దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నంతసేపు ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి పోయిన రమజానులో మీరే పాపకు చెప్పారు. నేను వంటింట్లోంచి విన్నాను. మోస్తున్న తల్లి నీరసం మీద నీరసం భరిస్తుందని దివ్య ఖుర్ఆన్ చెప్పిన మాట ఇన్నాళ్ళూ చదివాను, ఇప్పుడు మెట్లు ఎక్కుతున్నప్పుడల్లా తెలుస్తోంది. నేను అడుగుతున్నది కొత్తది కాదు. మీరు నమ్మినదాన్నే అడుగుతున్నాను.

విసుగు వచ్చినప్పుడు నా మాట కటువుగా ఉండవచ్చు. క్షమించండి. మీరు చేసినది బాగా లేకపోయినా నేను వంక పెట్టనని మాట ఇస్తున్నాను.

మీ దుఆలు కోరుతూ,
మీ ఇల్లాలు.

* * *

మరునాడు ఉదయం ఆయన ఈ ఉత్తరం గురించి ఒక్క మాటా అనలేదు. దిండు పక్కన రెండు రస్కులు ఉన్నాయి. సాయంత్రానికి కుళాయి దగ్గర పీట వచ్చింది.

అన్నీ సాఫీగా సాగాయని చెప్పను. మొదటి వారం పప్పు మూడుసార్లు మాడింది. మాడిన వాసనకు నాకు వాంతి అయింది. నాలుగో రోజే మళ్ళీ "ఏం వండను?" అని అడిగారు. నేను పుస్తకం వైపు వేలు చూపాను. ఆయన నవ్వి వెళ్ళిపోయారు. అత్తమ్మతో మాట్లాడడానికి మాత్రం పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఇంట్లో ముభావంగానే గడిచింది. చివరికి ఒక రాత్రి ఇషా తర్వాత ఆమె గదిలోకి వెళ్ళి చాలాసేపు కూర్చున్నారు. ఏం చెప్పారో నాకు తెలియదు. మర్నాడు ఐరన్ మాత్రల డబ్బా నా గదిలో కనిపించలేదు. కొంతసేపటికి అత్తమ్మ ఒక గిన్నెలో వేయించిన శనగలు తెచ్చి పెట్టి, "నా రెండో కాన్పులో నేను మసాలా వాసన పడక పెరట్లో కూర్చుని ఏడ్చేదాన్ని" అన్నారు. పెళ్ళైన ఆరేళ్ళలో ఆ సంగతి ఆమె నాకు చెప్పడం అదే మొదటిసారి.

ఆ ఉత్తరంలో చివర రాసినదే నన్ను కాపాడిందని తర్వాత తెలిసింది. 10వ వారంలో ఒక గురువారం మధ్యాహ్నం నుంచి నాకు నీళ్ళు కూడా నిలవలేదు. రాత్రి మజ్జిగ ఒక్కొక్క చెంచాగా తాగినా బయటికే వచ్చింది. "రేపటికి తగ్గుతుంది" అన్నాను. శుక్రవారం ఉదయం ఆయన తూకం తెచ్చారు. పోయిన శుక్రవారం 52 కిలోల చిల్లర ఉన్న బరువు 51కి దిగింది. "మూత్రానికి ఎప్పుడు వెళ్ళావు?" అని అడిగారు. రాత్రి ఒకసారి, అదీ కొద్దిగా, టీ డికాక్షన్ రంగులో అని చెప్పాను. నేను ఇంకా "జుమా అయ్యాక చూద్దాం" అంటూనే ఉన్నాను. ఆయన చెప్పులు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టారు.

ఆసుపత్రిలో మూత్ర పరీక్ష చేసి, కీటోన్లు బాగా ఎక్కువగా ఉన్నాయన్నారు. అంటే తిండి అందక, ఒళ్ళు తన కొవ్వునే కరిగించుకుంటోందని అర్థమట. ఒకటిన్నర రోజు సెలైన్ ఎక్కించారు. వాంతులకు ఇంజెక్షన్ ఇచ్చారు, మాత్ర మార్చారు. ఇంకా ఆలస్యమైతే ఒంట్లో లవణాలు పడిపోయి ప్రమాదమయ్యేదని డాక్టరమ్మ ఆయనతో అన్నారు. స్కానింగులో బిడ్డ గుండె చప్పుడు వినిపించినప్పుడు ఆయన తల వంచుకుని మెల్లగా అల్‌హమ్దులిల్లాహ్ అన్నారు.

13వ వారంలో ఒక ఉదయం రస్కు తినకుండానే లేచాను, ఏమీ కాలేదు. ఆ శుక్రవారం గుమ్మం దగ్గరికి వెళ్ళి, అత్తరు ఇంట్లోనే పూసుకోవచ్చని ఆయనకు చెప్పాను. సాయంత్రం వంట మాత్రం ఇప్పటికీ వారంలో మూడు రోజులు ఆయనదే. పప్పు మాడడం మానేసింది.